తార్నాక ఇంటి అగ్రిమెంటు, అరబీలో

కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కోండి, తెర మీద అక్షరాలు చిన్నవి. వాట్సాప్‌లో వచ్చిన మూడు ఫోటోలను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పక్కపక్కన పెట్టాను. మొదటిది వంద రూపాయల స్టాంపు పేపరు. పై సగమంతా ముద్ర, దాని కింద ఇంగ్లిషులో టైపు చేసిన అద్దె ఒప్పందం మొదలవుతోంది. మిగిలిన రెండూ ఆకుపచ్చ లెడ్జరు కాగితాలు. పంపింది సూడాన్ నుంచి వచ్చి ఉస్మానియాలో పరిశోధన చేస్తున్న ఒకాయన. భార్య, ఇద్దరు పిల్లలు. తార్నాకలో రెండు పడకగదుల ఇల్లు కుదిరింది. ఇంటి ఓనరు ప్రతి పేజీ కింద సంతకం పెట్టేశారు, ఈయన రేపు సాయంత్రం పెట్టాలి.

ఆయనకు ఇంగ్లిషు బాగానే వచ్చు. భార్యకు రాదు. కానీ ఇంటి ఖర్చు చూసేది, వాచ్‌మన్‌తో మాట్లాడేది, కుళాయి పాడైతే అందరికంటే ముందు తెలుసుకునేది ఆమే. "ఆమె చదివేదాకా నేను సంతకం పెట్టను, ఉస్తాదా" అని రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టారు. ఇక్కడే ఇఫ్లూలో అరబీ చదువుకున్న నా దగ్గరికి ఇలాంటి కాగితాలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఇంట్లో ఆడవాళ్లు కూడా చదవాలని అడిగి చేయించుకునేవాళ్లు తక్కువ. అందుకే ఇది ఇంకా జాగ్రత్తగా చేయాలనిపిస్తోంది.

వెంటనే అనువాదం మొదలుపెట్టను. ముందు షరతుల నంబర్లు లెక్కపెడదాం. మొదటి పేజీలో ఒకటి నుంచి మూడు. రెండో పేజీలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు. మూడో పేజీ చూడండి, తొమ్మిదితో మొదలవుతోంది. ఎనిమిది ఎక్కడ? రెండో పేజీ చివరికి వెళ్దాం. ఏడో షరతు డిపాజిట్ గురించి. అద్దె బకాయి, కరెంటు బిల్లు, నష్టం ఏదైనా ఉంటే దాని విలువ మినహాయించుకుని, అని సాగి, 'మరియు' అన్న మాట దగ్గర ఫోటో అంచు వచ్చేసింది. వాక్యం పూర్తి కాలేదు. అంటే కాగితం అడుగుభాగం ఫోటోలో పడలేదు. చేతిలో పట్టుకుని తీసినప్పుడు జరిగేది ఇదే. వేలు అడ్డం రాకూడదని కెమెరాను పైకి జరుపుతారు, కింది రెండు మూడు వరుసలు పోతాయి. ఒప్పందాల్లో తర్వాత గుర్తొచ్చి చేర్చే మాటలు కూడా ఆ కింది ఖాళీలోనే రాస్తారు. కాబట్టి పోయినవి చిన్న వరుసలు అనుకోవడానికి వీల్లేదు.

ఆయనకు మెసేజ్ పెడుతున్నాను. కాగితాన్ని బల్ల మీద పరిచి, కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, డాక్యుమెంటుగా జతచేయండి. ఫోటోగా పంపితే ఫైలు కుదించుకుపోయి అక్షరాల అంచులు కరిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే తీసింది తీసినట్టే వస్తుంది.

పావుగంటలో వచ్చింది. ఇప్పుడు చూడండి, ఎంత తేడా ఉందో. ఏడో షరతు చివర నీలం సిరాతో చేతిరాత ఉంది: 'మరియు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె'. దాని కింద ఎనిమిదో షరతు, రిపేర్ల గురించి. మొదటి ఫోటోనే నమ్ముకుని అరబీలోకి రాసేసి ఉంటే, ఒక నెల అద్దె కోత గురించి ఆ ఇల్లాలికి తెలిసేదే కాదు.

అంకె ఒకటి ఇబ్బంది పెడుతోంది. డిపాజిట్ మొత్తం మీదుగా ఓనరు సంతకం తోక సాగిపోయింది. 51,000 అని చదవొచ్చు, 54,000 అని కూడా చదవొచ్చు. ఇలాంటి చోట కళ్లను నమ్మను. పక్కనే మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాశారు, యాభైనాలుగు వేలు అని. నాలుగో షరతులో అద్దె నెలకు 18,000. మూడు నెలల అద్దె డిపాజిట్ అనుకుంటే సరిగ్గా 54,000. రెండు వైపుల నుంచీ కుదిరింది కాబట్టి రాసుకుంటున్నాను. కుదరకపోతే అరబీలో ఆ చోట 'గైర్ మఖ్రూ', అంటే చదవడానికి వీలుపడలేదు అని పెట్టేదాన్ని. ఊహించి అంకె వేసే హక్కు నాకు లేదు.

ఇక రాత మొదలు. అరబీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. ఒప్పందం కాలం 01-08-2025 నుంచి 30-06-2026 వరకు. దీన్ని ఉన్నదున్నట్టు అరబీ వాక్యం మధ్యలో అతికించి ఫోన్లో తెరిస్తే రెండు తేదీలూ తారుమారైపోయి, 2026 నుంచి 2025 వరకు అన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. అందుకని తేదీల్లో నెలల పేర్లు అక్షరాల్లోనే వేస్తాను. సూడాన్‌వాళ్లు ఆగస్టును అగుస్తుస్ అని, జూన్‌ను యూన్యూ అని అంటారు. అదే ఇరాక్ కుటుంబమైతే ఆబ్, హజీరాన్ అని వేయాలి. డబ్బుకూ ఇదే జాగ్రత్త. అరబీ అంకెల్లో ఐదు గుండ్రంగా, మన సున్నాలా ఉంటుంది. వాళ్ల సున్నా ఒక చుక్క. రేపు ఓనరు ఈ ప్రతిని చేతిలోకి తీసుకుంటే 54,000 ఆయన కంటికి ఏమీ కాకుండా పోతుంది. కాబట్టి అంకెలు మనం వాడేవే ఉంచి, పక్కన అక్షరాల్లో రాస్తాను. మన కాగితాల్లో మొత్తం తర్వాత గీత, అడ్డగీత పెడతామే, దాన్ని తీసేస్తాను. ఆ అలవాటు లేనివాళ్లకు అది తీసివేత గుర్తులా కనిపిస్తుంది.

ఇంకొకటి. ఈ కాగితంలో ఓనరును లెస్సర్ అని, అద్దెకుండేవాళ్లను లెస్సీ అని రాశారు. మసక ఫోటోలో ఆ రెండు మాటల తేడా చివరి అక్షరాల్లో మాత్రమే. ఒకటి చదవబోయి ఇంకొకటి చదివితే రిపేరు ఖర్చంతా అటుది ఇటు పడుతుంది. అరబీలోనూ ముఅజ్జిర్, ముస్తఅజిర్ అన్న జంట అంతే దగ్గరగా ఉంటుంది. అందుకే మొదటి పేరాలోనే ఓనరుకు మాలిక్ అని పేరు పెట్టి చివరిదాకా అదే వాడుతున్నాను. చదివేది వకీలు కాదు, ఇల్లు నడిపే మనిషి.

ఇప్పుడు డిపాజిట్. మనం నోటితో అనేది అడ్వాన్స్. 'అడ్వాన్స్ ఎంత?' అని టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. బ్రోకరు కూడా ఆయనకు అడ్వాన్స్ అనే చెప్పాడట. దాన్ని అరబీలో నేరుగా ముఖద్దమ్ అని రాస్తే ఏమవుతుందో చూడండి. ముఖద్దమ్ అంటే ముందుగా కట్టేసిన అద్దె అని అర్థమవుతుంది. మూడు నెలలది ముందే కట్టాం కదా అని ఆ కుటుంబం ఏప్రిల్, మే, జూన్ అద్దె కట్టడం మానేస్తుంది. ఓనరు దృష్టిలో అది మూడు నెలల ఎగవేత. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరికీ కోపం వస్తుంది. నేను రాస్తున్నది తామీన్ ముస్తరద్, అంటే తిరిగిచ్చే హామీ సొమ్ము. తామీన్ అన్న మాటకు బీమా అనే అర్థం కూడా ఉంది కాబట్టి ముస్తరద్ అన్నది తప్పనిసరి. కింద ఒక వాక్యం విడిగా: దీనికి వడ్డీ ఉండదు, దీన్ని నెలవారీ అద్దెలో సర్దుబాటు చేయరు, ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇస్తారు. ఇది నా సొంత వివరణ అనుకోకండి. మూడూ కాగితంలో ఉన్నవే, ఒకే పొడుగాటి వాక్యంలో ఇరుక్కుపోయి ఉంటే విడదీశానంతే.

తర్వాత కోతలు. బకాయి అద్దె, కరెంటు, నష్టం, పెయింటింగ్. మొదటి మూడూ జరిగితేనే పడతాయి. నాలుగోది ఏం జరిగినా పడుతుంది. అరబీ వాక్యంలో నాలుగింటినీ వరుసగా పెడితే ఆ తేడా కనిపించదు. పెయింటింగ్‌ను కొత్త వరుసలోకి దించి, 'చేతిరాతతో చేర్చినది' అని గుర్తుపెట్టి, మొత్తం 18,000 అని రాస్తున్నాను. అంటే గోడ మీద ఒక్క గీత పడకపోయినా చేతికి తిరిగొచ్చేది 36,000. ఈ లెక్క ఒప్పందంలో లేదు కాబట్టి అసలు పాఠంలో పెట్టను, పక్కన చదరపు బ్రాకెట్‌లో అనువాదకురాలి గమనికగా పెడతాను.

మెయింటెనెన్స్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఆరో షరతు చదవండి: అద్దెకుండేవాళ్లు నెలకు 2,500 మెయింటెనెన్స్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు కట్టాలి. నిఘంటువు తెరిస్తే దీనికి మొదట దొరికేది సియానా. ఫోటోలో నుంచి చదివి అరబీ చేసి పెట్టే ఎవరైనా చటుక్కున అదే వేస్తారు. కానీ సియానా అంటే మరమ్మతు, బాగుచేయించడం. ఆమె చదువుకునేది ఇలా ఉంటుంది: నెలకు 2,500 మరమ్మతు కింద కడుతున్నాం. ఇక ఇంట్లో ఏది పాడైనా అసోసియేషనే చూసుకుంటుంది. బాత్రూమ్ కుళాయి కారితే వాచ్‌మన్‌ను పిలుస్తుంది. ప్లంబరు డబ్బులడిగితే, నెలనెలా కడుతున్నాం కదా అంటుంది. ఆమె తప్పేమీ లేదు, కాగితం ఆమెకు అలా చెప్పింది.

మన అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్స్ అనేది వేరే సంగతి. వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మెట్లమీద లైట్ల కరెంటు, నీళ్ల మోటారు, చెత్త, సంపు శుభ్రం చేయించడం. ఇంటి గుమ్మం బయట ఉన్న ఖర్చు. అందుకే రుసూమ్ అల్‌ఖదమాత్ అల్‌ముష్తరకా అని రాస్తున్నాను, ఉమ్మడి సేవల రుసుము అని. మన రుసుము అరబీ నుంచి వచ్చిందే కాబట్టి రేపు చదివేటప్పుడు ఓనరు చెవికి కూడా ఆ మాట అందుతుంది. ఎనిమిదో షరతులో రిపేర్లు విడిగా ఉన్నాయి. చిన్నవి అద్దెకుండేవాళ్లవి, పెద్దవి ఓనరువి. అక్కడ కూడా సియానా వాడను, ఇస్లాహాత్ అంటాను. రెండు షరతులకూ రెండు వేర్వేరు మాటలు పడితే అవి రెండు వేర్వేరు ఖర్చులని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అయితే చిన్న రిపేరు అంటే ఏది? పెద్దది ఏది? కాగితం చెప్పలేదు. కుళాయి వాషర్ చిన్నదే, స్లాబులో నుంచి చెమ్మ దిగడం పెద్దదే. గీజరు కాయిల్ కాలిపోతే? సింకు కింద పైపు పగిలితే? నేను జాబితా తయారుచేసి అరబీలో చేర్చవచ్చు, చదివేవాళ్లకు హాయిగానే ఉంటుంది. కానీ అప్పుడు అరబీ ప్రతిలో ఒక ఒప్పందం, సంతకం పెట్టిన ఇంగ్లిషు ప్రతిలో ఇంకొక ఒప్పందం తయారవుతాయి. మూలంలో ఖాళీ ఉంటే అనువాదంలోనూ ఆ ఖాళీ కనిపించాలి. బ్రాకెట్‌లో ఒక వరుస: [చిన్న, పెద్ద మరమ్మతులు ఏవో ఒప్పందంలో చెప్పలేదు. సంతకానికి ముందు అడగండి.]

ఇక నోటీసు. తొమ్మిదో షరతు ప్రకారం ఎవరు ఒప్పందం ముగించాలన్నా రెండు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి. అరబీలో ఇష్‌ఆర్ ఖత్తీ, రాతలో ఇచ్చే తెలియజేత. మాట సులువే, లెక్కలోనే చిక్కు. ఆయన ఫిబ్రవరి 10న నోటీసు ఇచ్చారనుకుందాం. తేదీ నుంచి తేదీకి లెక్కిస్తే ఏప్రిల్ 10కి గడువు పూర్తి. కానీ చాలామంది ఓనర్ల లెక్కలో నెల అంటే ఒకటో తారీఖు నుంచి చివరి తారీఖు వరకు. మార్చి, ఏప్రిల్ రెండూ నిండాలి, ఏప్రిల్ 30న తాళాలివ్వాలి. మధ్యలో ఇరవై రోజులు. నెలకు 18,000 అంటే రోజుకు 600, ఆ తేడా 12,000. షరతులో అటూ లేదు, ఇటూ లేదు. ఇక్కడ కూడా నేను ఒక వైపు ఒరగకుండా రెండు అర్థాలనూ గమనికలో పెట్టి, ఏది అన్నది అడగమని రాస్తున్నాను.

ఈ పని చేసేవాళ్లకు అసలు పరీక్ష ఇలాంటి చోట్లే ఎదురవుతుందని నా అభిప్రాయం. సాఫీగా చదువుకునే అరబీ వాక్యం రాయడం కష్టం కాదు. సాఫీగా రాయాలన్న తొందరలో మూలంలోని అస్పష్టతను మనకు తెలియకుండానే సరిచేసేస్తాం, ఆ సరిచేత ఎవరో ఒకరి జేబు మీద పడుతుంది.

మరునాడు సాయంత్రం. వాన వెలిసింది. పదండి, మూడో అంతస్తు, లిఫ్టు పనిచేస్తోంది. ఇల్లు ఖాళీగా ఉంది. ఓనరు తెచ్చిన రెండు ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీ గట్టు, అంతే. ఓనరు రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. నేను అంకుల్ అంటాను. సూడాన్ దంపతులు పిల్లలను పొరుగింట్లో వదిలి వచ్చారు. ఆమె చేతిలో నేను పంపిన అరబీ ప్రతి ప్రింటు, పక్కన చిన్న నోటు పుస్తకం. నేను షరతుల నంబర్లను మూలంలో ఉన్నట్టే ఉంచాను కాబట్టి ఆమె 'సబ్అ' అని వేలు పెడితే ఓనరు కూడా తన కాగితంలో ఏడు దగ్గరికి వస్తారు. భాష తెలియకపోయినా ఇద్దరూ ఒకే చోటును చూస్తున్నారు.

ముందుగా ఆమె అడిగింది నేను అనుకోని ప్రశ్న. పదకొండు నెలలేమిటి, పన్నెండు ఎందుకు కాదు, ఒక నెల ఎవరికి పోయింది?

"అందరూ అలాగే రాస్తారమ్మా" అన్నారు అంకుల్.

ఆ జవాబు ఆమెకు సరిపోదు. ఏడాదికి మించిన లీజైతే రిజిస్ట్రేషన్ ఖర్చూ తిరుగుడూ ఉంటాయని పదకొండు నెలలకు రాసుకోవడం అలవాటు, గడువయ్యాక కొత్తగా రాసుకోవచ్చు అని అరబీలో చెప్పాను. ఆమె పుస్తకంలో రాసుకుంది. జూన్ 30 తర్వాత కొనసాగాలంటే కొత్త కాగితం కావాలన్నది ఆమెకు ముఖ్యమైంది.

రెండోది పెయింటింగ్. ఆమె లేచి పిల్లల గదిలోకి నడిచింది, మనమూ వెళ్దాం. కిటికీ కింద గోడ పెచ్చులు లేచి ఉంది, పాత స్కెచ్ పెన్ను గీతలు కూడా కనిపిస్తున్నాయి. 'మేం వెళ్లేటప్పుడు రంగుకు డబ్బు ఇస్తాం. మేం వచ్చేటప్పుడు రంగు ఎవరు వేశారు?' అడిగింది. నేను తెలుగులో అలాగే చెప్పాను, మెత్తబరచలేదు.

అంకుల్ కాసేపు గోడ వైపు చూశారు. "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల పట్టుకోవడం ఇక్కడ అందరికీ ఉన్నదే తల్లీ, అది తీసెయ్యలేను. ఈ గది మాత్రం ఒకటో తారీఖులోగా వేయించి ఇస్తాను."

చట్టం వైపు నుంచి చూస్తే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలను అద్దెకుండేవాళ్ల మీద వేయదు. కానీ ఆ సెక్షను మొదలయ్యేదే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరుగా లేనప్పుడు అని. ఇక్కడ నీలం సిరాతో వేరుగా రాశారు. దంపతులు మాట్లాడుకుని సరేనన్నారు. 'పిల్లల గదికి 01-08-2025 లోగా ఓనరు రంగు వేయించాలి' అని ఏడో షరతు పక్కన చేత్తో రాసి, ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టారు. ఆయన అన్ని గదుల గోడలనూ ఫోన్లో ఫోటోలు తీసి అక్కడికక్కడే ఓనరుకు పంపారు. నష్టం ఏదైనా ఉంటే అన్న మాటకు రేపు కొలత ఇవే.

చిన్న, పెద్ద రిపేర్ల దగ్గర గీజరు వచ్చింది. అంకుల్ తనదేనన్నారు, అయితే పిల్లలు స్విచ్ ఆపకుండా కాల్చేస్తే? వస్తువుల పేర్లతో జాబితా వేస్తే తెల్లారిపోతుంది. పేర్లు వదిలేసి డబ్బుతో కొలవచ్చేమో అని ఇద్దరినీ అడిగాను. ఒక్కో రిపేరు వెయ్యి రూపాయల లోపైతే అద్దెకుండేవాళ్లది, దాటితే ఓనరుది, గోడల్లోని పైపులు, చెమ్మ, వైరింగు ఎంతైనా ఓనరుదే. అంకుల్ వెంటనే ఒప్పుకున్నారు. నేను సలహా ఇచ్చానే గానీ రాసింది వాళ్లు, చేతిరాత అంకుల్‌ది.

మెయింటెనెన్స్ దగ్గర ఆమె నా బ్రాకెట్ గమనికలోని ఉమ్మడి సేవల జాబితా మొత్తం చదివి, వేలితో ఒక్కొక్కటీ దాటుకుంటూ, 'నీళ్లు ఇందులో ఉన్నాయా?' అంది. ఎండాకాలంలో బోరు ఎండిపోతే ట్యాంకర్లు తెప్పిస్తారు, ఆ నెలల్లో అసోసియేషన్ ఇంటింటికీ అదనంగా వసూలు చేస్తుంది. ఇది ఆరో షరతులో లేదు. అంకుల్ దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. "అది నా చేతిలో లేదమ్మా, అసోసియేషన్ ఎంత వేస్తే అంత, మా ఇంటికీ అంతే." దాన్నీ షరతులో చేర్చమన్నారు ఆమె భర్త. ట్యాంకరు ఖర్చు 2,500కి అదనం, అసోసియేషన్ రసీదు చూపించాకే కట్టాలి అని రాసుకున్నారు.

నోటీసు చర్చ తొందరగా తేలింది. నెలలు ఒకటో తారీఖు నుంచి లెక్కించాలని అంకుల్ పట్టుబట్టారు. దంపతులు ఒప్పుకుని, నోటీసును వాట్సాప్‌లో ఇచ్చినా చెల్లాలని అడిగారు, ఆయన సరేనన్నారు. ఒప్పందంలో నోటీసు మాటే లేకపోతే నెలవారీ అద్దెకు అదే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను పదిహేను రోజులే అంటుంది. ఒప్పందం ఉన్నప్పుడు మాత్రం దానిదే మాట, కాబట్టి ఆ సంగతి అంకుల్‌కు గానీ వాళ్లకు గానీ ఉపయోగం లేదు.

సంతకాలయ్యాయి. ఆమె పుస్తకంలో కూడిక వేసి నాకు చూపించింది: డిపాజిట్ 54,000, ఆగస్టు అద్దె 18,000, ఉమ్మడి రుసుము 2,500, మొత్తం 74,500. సరిపోయింది. బ్రోకరుకు ఇవ్వాల్సింది ఈ కాగితంలో ఎక్కడ అని అడిగింది. అది ఇందులో ఉండదు, ఆయన విడిగా తీసుకుంటాడు, ఎంతో ఇప్పుడే అడిగి పెట్టుకోండి అన్నాను. అంకుల్ వాళ్ల పాస్‌పోర్టుల, వీసాల నకళ్లు అడిగి తీసుకున్నారు. విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఆయన ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు నమోదు చేయాలి. వీసా పొడిగింపు కోసం ఆమె భర్త రేపు చూపించాల్సింది కూడా ఈ ఇంగ్లిషు ఒప్పందమే. అందుకే అరబీ ప్రతి మొదటి వరుసలో, ఇది అర్థం చేసుకోవడానికి మాత్రమే, చెల్లేది సంతకం చేసిన ఇంగ్లిషు ప్రతి అని పెట్టాను. ఆయన పేరును మాత్రం పాస్‌పోర్టులో ఉన్న ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంచాను.

ఇంటికొచ్చాక ఇంకో గంట పని ఉంది. ఆమె దగ్గరున్న అరబీ ప్రతి ఇప్పుడు పాతదైపోయింది. అందులో నా ప్రశ్నలున్నాయి గానీ వాళ్లు రాసుకున్న జవాబులు లేవు. మారిన పేజీల ఫోటోలు మళ్లీ తెప్పించుకున్నాను, ఈసారి నాలుగు మూలలతో వచ్చాయి. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది షరతుల్లోని బ్రాకెట్లు తీసేసి, చేర్చిన ప్రతి వాక్యం ముందు 'చేతిరాత, ఇద్దరి పొట్టి సంతకాలతో' అని పెట్టి, పైన కొత్త తేదీ వేసి పంపాను. పాత ఫైలు తొలగించమని విడిగా ఒక మెసేజ్ పెట్టాను, అది ఆమె ఫోన్‌కే.